లిథియం లెవెల్: పరీక్ష ఎప్పుడు చేయించాలి, అంకెను ఎలా చదవాలి, మందు వికటిస్తోందని ఎలా పట్టుకోవాలి

బైపోలార్ జబ్బుకు వాడే మందుల్లో చాలావాటికి డాక్టరు మనిషిని చూసి డోసు తేలుస్తారు. లిథియంకు అది చాలదు, రక్తంలో ఎంత ఉందో కూడా చూడాలి. ఈ మందు పనిచేసే స్థాయికీ, ప్రాణం మీదికి తెచ్చే స్థాయికీ మధ్య దూరం చాలా తక్కువ. లీటరు రక్తంలో 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ ఉంటే చాలామందికి జబ్బు అదుపులో ఉంటుంది. 1.5 దాటితే ఒంట్లో తేడా తెలుస్తుంది. 2 దాటితే ఆసుపత్రిలో చేరాల్సిన పరిస్థితి. అంటే రోజూ వాడే స్థాయికి మూడు రెట్లు కూడా కాకముందే ప్రమాదం వచ్చేస్తుంది.

ఈ విషయం వైద్యులు నేర్చుకున్నది రోగుల ప్రాణాల మీదే. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టరు ఉన్మాదంతో ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉన్న రోగులకు లిథియం ఇచ్చి, అది పనిచేస్తుందని మొదటిసారి ప్రకటించాడు. ఆయన మొదటి రోగి కోలుకుని ఇంటికి వెళ్ళాడు, మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి 1950లో లిథియం వికటించే చనిపోయాడు. అదే రోజుల్లో అమెరికాలో గుండె జబ్బుల వాళ్ళకు మామూలు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడ్ అమ్మితే అక్కడా చావులు జరిగి, దాన్ని మార్కెట్లోంచి తీసేశారు. రక్తంలో లిథియంను కొలవడం మామూలు పనయ్యాకే ఈ మందుకు మళ్ళీ నమ్మకం దక్కింది. అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1970లో. కాబట్టి లెవెల్ పరీక్షను ల్యాబుల వాళ్ళ అదనపు బిల్లు అనుకోకండి. ఆ పరీక్ష లేకుండా ఈ మందు వాడకూడదు, అంతే.

మొదటి మాత్రకు ముందు

లిథియం దాదాపు మొత్తం మూత్రంలోనే బయటికి పోతుంది. లివర్‌కు ఇందులో పని లేదు. అందుకే ముందు చూడాల్సింది కిడ్నీలు ఎలా ఉన్నాయని. క్రియాటినిన్, దాన్నిబట్టి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్, సోడియం, పొటాషియం చూస్తారు. ఈ మందు ఏళ్ళ మీద థైరాయిడ్‌ను మందగింపజేయవచ్చు, కాల్షియంను పెంచవచ్చు. అందుకని టీఎస్‌హెచ్, కాల్షియం కూడా మొదట్లోనే తీసి పెట్టుకోవాలి. వయసు పైబడినవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఈసీజీ తీస్తారు. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్ళకు ప్రెగ్నెన్సీ పరీక్ష చేస్తారు. గర్భం వస్తే మాత్రం కంగారుపడి సొంతంగా ఆపేయకుండా వెంటనే డాక్టరును కలవాలి.

ఈ మొదటి రిపోర్టులను పారేయకండి. ఐదేళ్ళ తర్వాత క్రియాటినిన్ 1.3 వస్తే, మొదట్లో అది 0.8 ఉండేదా 1.2 ఉండేదా అన్నది తెలిస్తేనే ఆ 1.3కు అర్థం. ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, డోసు, లెవెల్, క్రియాటినిన్ నాలుగు గడులు గీసుకుని రాసుకుంటే చాలు. డాక్టరు మారినా, ఊరు మారినా ఆ పేజీ మీతో వస్తుంది.

అదే పుస్తకంలో మాత్ర వివరం కూడా రాయండి. మన మెడికల్ షాపుల్లో 300 మిల్లీగ్రాముల మామూలు మాత్రలూ ఉంటాయి, నెమ్మదిగా కరిగే 400, 450 మిల్లీగ్రాముల ఎస్‌ఆర్, సీఆర్ మాత్రలూ ఉంటాయి. షాపులో ఒకటి లేదని మరొకటి ఇస్తే డోసు మారిపోతుంది. 300వి రెండు వేసుకునే మనిషికి 450వి రెండు ఇస్తే ఆ రోజు నుంచి ఒకటిన్నర రెట్లు మందు ఒంట్లోకి పోతున్నట్టే. స్ట్రిప్ మారితే డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

పరీక్ష ఏ రోజు

లిథియం సగం బయటికి పోవడానికి పెద్దవాళ్ళలో దాదాపు ఒక రోజు పడుతుంది, వయసు మీద పడ్డవాళ్ళలో ఇంకా ఎక్కువ. రోజూ వేసుకుంటూ పోతే లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సమానమై అంకె నిలకడగా నిలవడానికి ఐదు నుంచి ఏడు రోజులు కావాలి. డోసు మొదలుపెట్టినా, పెంచినా, తగ్గించినా వారం ఆగి పరీక్ష చేయించమనేది ఇందుకే. మూడో రోజే తీస్తే అంకె ఇంకా పైకి ఎక్కుతూ ఉంటుంది. దాన్ని చూసి 'తక్కువుంది' అని డోసు పెంచితే రెండో వారానికి ఇబ్బంది మొదలవుతుంది.

అంకె కుదిరేదాకా వారానికోసారి, కుదిరాక మొదటి ఏడాదంతా మూడు నెలలకోసారి చూస్తారు. ఆ తర్వాత అంతా సాఫీగా ఉంటే ఆరు నెలలకోసారి. వయసు పైబడినవాళ్ళకు, కిడ్నీ కొంచెం మందగించినవాళ్ళకు, బీపీ మందులు వాడేవాళ్ళకు ఎప్పటికీ మూడు నెలలే మంచిది. క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం ఆరు నెలలకోసారి. ఈ క్యాలెండరుతో పని లేకుండా వెంటనే చేయించాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి, అవి కిందకు వస్తాయి.

శాంపిల్ ఇచ్చే పద్ధతి

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పైన చెప్పిన 0.6, 0.8 అంకెలన్నీ చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు తీసిన రక్తానివి. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో అంకె బాగా పైకి వెళ్ళి తర్వాత దిగుతుంది. 12 గంటలప్పటికి ఆ అలజడి తగ్గుతుంది కాబట్టి ఒకరి అంకెను మరొకరితో, ఈ నెలది పోయిన నెలతో పోల్చడానికి వీలవుతుంది.

రాత్రి 9 గంటలకు మాత్ర వేసుకుంటే ఉదయం 9 గంటలకు రక్తం ఇవ్వాలి. అరగంట అటూ ఇటూ అయితే కొంపలేమీ మునగవు. ఉదయం డోసు కూడా ఉన్నవాళ్ళు ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి. ఆ మాత్రను జేబులో పెట్టుకుని ల్యాబుకు వెళ్ళండి. పరగడుపున ఉండాల్సిన అవసరం లేదు. షుగర్ పరీక్ష కూడా కలిపి చేయిస్తుంటే అది వేరే సంగతి. పరీక్ష ఉందని మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళేవాళ్ళను చూస్తుంటాం. ఈ మందు వాడేవాళ్ళు అసలు చేయకూడని పని అది.

టైము తప్పితే ఏమవుతుందో చూడండి. ఉదయం మాత్ర వేసుకుని మూడు గంటలకు రక్తం ఇస్తే అసలు 0.7 ఉండాల్సిన మనిషికి 1.1 రావచ్చు. డాక్టరు డోసు తగ్గిస్తారు, నెల తిరక్కుండా జబ్బు తిరగబెడుతుంది. ల్యాబు దూరమై, బస్సు లేటై మధ్యాహ్నం మూడింటికి, అంటే 18 గంటలకు ఇస్తే అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. దాన్ని నమ్మి డోసు పెంచడం మొదటిదానికంటే ప్రమాదం. అందుకని చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, రక్తం ఎన్నింటికి తీశారో రెండూ రిపోర్టు మీదే రాయించండి. ల్యాబు వాళ్ళు రాయకపోతే మీరే పెన్నుతో రాయండి.

రెండో సంగతి ట్యూబు. రక్తం గడ్డకట్టకుండా ఆకుపచ్చ మూత ట్యూబుల్లో హెపారిన్ ఉంటుంది. వాటిలో చాలావాటికి వాడేది లిథియం హెపారిన్. అందులో రక్తం పోస్తే ట్యూబులోని లిథియం కూడా లెక్కలోకి వచ్చి, మందు వేసుకోని మనిషికి కూడా ఒంట్లో లిథియం ఉన్నట్టు చూపిస్తుంది. ఎర్ర మూత లేదా పసుపు మూత సీరం ట్యూబు వాడాలి. మనిషి హాయిగా కూర్చుని కబుర్లు చెబుతుంటే రిపోర్టులో 3 అని వచ్చిందంటే ముందు అడగాల్సిన ప్రశ్న ట్యూబు గురించే. అలాగని కొట్టిపారేయకూడదు. సరైన ట్యూబులో అప్పటికప్పుడు మళ్ళీ తీయించాలి.

అంకెను ఎలా చదవాలి

రిపోర్టులో మిల్లీమోల్స్ అని ఉన్నా, మిల్లీ ఈక్వివలెంట్స్ అని ఉన్నా లిథియం విషయంలో అంకె ఒకటే, కంగారు అక్కర్లేదు. ల్యాబు పక్కన ముద్రించే 'నార్మల్ రేంజ్' చూసి మీరు తేల్చుకోకండి. అందరికీ ఒకే గీత ఉండదు. ఉన్మాదం బాగా ఎక్కువగా ఉన్న రోజుల్లో డాక్టరు 0.8 నుంచి 1.0 దాకా, ఒక్కోసారి కొంచెం పైకి కూడా తీసుకెళ్తారు. జబ్బు తగ్గి, తిరిగి రాకుండా వాడే రోజుల్లో 0.6 నుంచి 0.8 చాలు. 65 దాటినవాళ్ళలో 0.4 నుంచి 0.6 మధ్యే ఉంచడానికి చూస్తారు, వాళ్ళ మెదడు తక్కువ అంకెకే తట్టుకోలేకపోతుంది కాబట్టి.

లిథియంలో ఒక సదుపాయం ఉంది. కిడ్నీ మారకపోతే, డోసును బట్టే అంకె కూడా పెరుగుతుంది, తగ్గుతుంది. 600 మిల్లీగ్రాముల మీద 0.5 ఉంటే 900 మీద దాదాపు 0.75 వస్తుందని ముందే అంచనా వేయవచ్చు. ఈ లెక్క మిమ్మల్ని సొంతంగా డోసు మార్చుకోమని కాదు, అనుమానం రావడానికి. డోసు మారకుండా 0.7 ఉన్నది 1.1 అయ్యిందంటే అందులో ఏదో ఒక కారణం దాగి ఉంది. టైము తప్పైనా అయ్యుండాలి, మాత్ర మారైనా ఉండాలి, కిడ్నీ బయటికి పంపడమైనా తగ్గి ఉండాలి. 1.1 అంటే ఇంకా 1.5 దాటలేదు కదా అని పక్కన పెట్టేయడం నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన తప్పు. అంకె ఎక్కడుందో ఎంత ముఖ్యమో, ఎటు కదులుతోందో అంతే ముఖ్యం.

ఒక్క మాట మరిచిపోవద్దు. అంకె బాగున్నా మనిషి బాగాలేకపోతే మనిషినే నమ్మాలి. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో లిథియం మెదడులోకి నిండుతుంది, రక్తంలో తగ్గినంత తొందరగా మెదడులోంచి తగ్గదు. 1.2 అంకెతోనే తూలిపోతూ, మాట తడబడుతున్న పెద్దవాళ్ళు ఉంటారు. దానికి విరుద్ధంగా, ఒకేసారి చాలా మాత్రలు మింగినవాళ్ళలో మొదటి గంటల్లో అంకె 4 ఉన్నా మనిషి మామూలుగా కనిపించవచ్చు. మెదడులోకి ఇంకా ఎక్కలేదంతే. 'బాగానే ఉన్నాడు కదా' అని వాళ్ళను ఇంటికి తీసుకుపోకూడదు.

అంకె ఎందుకు పెరుగుతుంది

మాత్రలు ఎక్కువ వేసుకోవడం వల్ల మాత్రమే కాదు. అదే డోసు మీద ఉండి ప్రమాదంలో పడేవాళ్ళు ఎందరో. దీని వెనక ఉన్నది కిడ్నీకీ ఉప్పుకూ ఉన్న సంబంధం.

కిడ్నీ లిథియంను సోడియంలాగే చూస్తుంది. వడపోసిన లిథియంలో దాదాపు 80 శాతాన్ని మళ్ళీ రక్తంలోకి లాక్కుంటుంది. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ సరిపడా ఉన్నప్పుడు మిగతా భాగం బయటికి పోతుంది, లెక్క సరిపోతుంది. విరేచనాలు, వాంతులు, తీవ్రమైన జ్వరం, మే నెల ఎండలో చెమట, నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం, వీటిలో ఏదొచ్చినా ఒంట్లో ఉప్పూ నీళ్ళూ తగ్గుతాయి. కిడ్నీ సోడియంను పట్టుకోవడానికి గట్టిగా లాగుతుంది, దాంతోపాటు లిథియంనూ లాగేస్తుంది. అంకె పైకి పోతుంది.

మన ఇళ్ళల్లో ఒంట్లో బాగాలేదంటే మొదట చేసేది చప్పిడి పథ్యం. లిథియం వాడేవాళ్ళకు సరిగ్గా అదే చెడుపు చేస్తుంది. బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా అదే. అలాగని ఆవకాయలూ అప్పడాలూ ఎక్కువ తినమని కాదు, ఉప్పు ఒక్కసారిగా పెంచితే అంకె పడిపోయి జబ్బు బయటికి వస్తుంది. రోజూ తినే ఉప్పు రోజూ ఒకే తీరుగా ఉండాలి. తగ్గించాల్సి వస్తే డాక్టరుకు చెప్పి నెమ్మదిగా తగ్గించి, లెవెల్ చూసుకోవాలి.

మందుల సంగతి కొస్తే మూడు జట్లు గుర్తుంటే చాలు. మొదటిది నొప్పి మాత్రలు: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునేవీ, ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకునే ఇంజెక్షన్లూ ఎక్కువగా ఇవే. వీటికి బదులు పారాసెటమాల్ వాడుకోవచ్చు. కానీ మాత్ర వెనక చదవండి, ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు కూడా అమ్ముతారు. రెండోది థయజైడ్ జాతి బీపీ మందులు: హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్. మూడోది టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్, ఎనాలప్రిల్ లాంటివి. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన మాత్ర మన దగ్గర ఎంత మామూలో చెప్పక్కర్లేదు. లిథియం వాడేవాళ్ళకు అది రెండు వైపుల నుంచి దెబ్బ. ఈ మందులు తప్పనిసరి అయితే లిథియం డోసు తగ్గించి, వారానికి లెవెల్ చూసి వాడించే పద్ధతి ఉంది. చెప్పకుండా మొదలుపెట్టడమే ప్రమాదం. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, 'నేను లిథియం వాడుతున్నాను' అన్నది మొదటి వాక్యంగా చెప్పండి.

ఇక వెంటనే లెవెల్ చేయించాల్సిన సందర్భాలు ఏవో ఇప్పుడు మీకే తెలిసిపోతాయి: పై మూడు జట్లలో ఏది మొదలుపెట్టినా, ఆపినా వారం రోజులకు, వాంతులో విరేచనాలో పట్టుకున్నప్పుడు, కింద చెప్పే లక్షణాలు కనిపించినప్పుడు.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏం చేయాలన్నది ముందే డాక్టరుతో మాట్లాడి పుస్తకంలో రాసి పెట్టుకోండి. మామూలుగా చెప్పేది ఇది: ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి, ఉప్పు వేసిన మజ్జిగ, గంజి తీసుకోవాలి, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆయన దొరకక, తాగిన నీళ్ళు కూడా నిలవకపోతే ఆ రాత్రి మాత్ర ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. ఒకటి రెండు రోజులు మాత్ర ఆగితే వచ్చే నష్టం కన్నా ఒళ్ళు ఎండిపోయినప్పుడు వేసుకుంటే వచ్చే నష్టం ఎక్కువ. తేరుకున్నాక మానేసిన మాత్రలు కలిపి వేసుకోకూడదు. మామూలు రోజుల్లో మరిచిపోయినా ఇదే నియమం, రెట్టింపు వద్దు.

వికటిస్తోందని పట్టుకోవడం

లిథియం వాడేవాళ్ళలో చాలామందికి వేళ్ళు సన్నగా వణుకుతాయి. చేతులు చాపితే కనిపించే చిన్న వణుకు. కొంచెం దాహం, మూత్రం ఎక్కువగా రావడం, నోట్లో లోహం రుచి కూడా ఉంటాయి. ఇవి మందు ఒంట్లో ఉన్నందుకు వచ్చేవి, చాలామంది వీటితోనే ఏళ్ళు గడుపుతారు. దాహం మరీ ఎక్కువై రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తే మాత్రం డాక్టరుకు చెప్పాలి. కిడ్నీ నీటిని పట్టి ఉంచలేకపోతోందని దాని అర్థం. అలాంటివాళ్ళు నీళ్ళు తాగడం తగ్గిస్తే ఒళ్ళు తొందరగా ఎండిపోతుంది.

వికటించడం మొదలైనప్పుడు ఆ సన్నని వణుకు తీరే మారిపోతుంది. వేళ్ళ చివర్ల నుంచి చెయ్యంతా పాకి, పెద్ద ఊపుగా అవుతుంది. టీ గ్లాసు తొణుకుతుంది, చొక్కా గుండీ పెట్టుకోలేరు, సంతకం గీతలు గీతలుగా వస్తుంది. నోటు పుస్తకంలో నెలకోసారి సంతకం చేయించి ఉంచుకుంటే పోల్చడానికి బాగా పనికొస్తుంది. వికారం, వాంతులు, నీళ్ళ విరేచనాలు వస్తాయి. ఇక్కడే ఉచ్చు ఉంది: లిథియం ఎక్కువై వాంతులు, వాంతులతో ఒళ్ళు ఎండి లిథియం ఇంకా ఎక్కువ.

తర్వాతి మెట్టులో మాట ముద్దగా వస్తుంది. నడక తూలుతుంది, కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తారు. మగతగా ఉంటారు, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తారు, కండరాలు ఉన్నట్టుండి ఎగిరెగిరి పడతాయి. ఇంకా ముదిరితే తికమక, ఫిట్స్, స్పృహ తప్పడం. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో కడుపుకు సంబంధించినవేవీ లేకుండా నేరుగా ఈ మెదడు లక్షణాలతోనే మొదలవడం మామూలు. ఇంట్లోవాళ్ళు దాన్ని వడదెబ్బ అనుకుంటారు, తాగొచ్చాడనుకుంటారు, పక్షవాతం అనుకుంటారు, 'మళ్ళీ డిప్రెషన్ వచ్చింది, అందుకే పలకట్లేదు' అనుకుంటారు. ఆఖరిదే అన్నిటికంటే చెడ్డది. అలా అనుకున్న ఇంట్లో మాత్ర ఇంకా జాగ్రత్తగా, ఒక్క పూట తప్పకుండా వేస్తారు.

ముద్దమాట, తూలే నడక, పెద్ద వణుకు, మగత. ఈ నాలుగింట్లో ఏది కొత్తగా కనిపించినా తర్వాతి మాత్ర వేయకుండా, లెవెల్ చూడగలిగే, డయాలిసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మాత్రల స్ట్రిప్పులన్నీ, బీపీవీ నొప్పులవీ కలిపి, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా

ఇది కల్పించి చెబుతున్న కేసు, కానీ ఇందులోని ప్రతి ముక్కా ఆసుపత్రుల్లో కనిపించేదే. ఖమ్మం దగ్గర ఊళ్ళో ఉండే 62 ఏళ్ళ రిటైర్డ్ టీచరు తొమ్మిదేళ్ళుగా రాత్రిపూట 900 మిల్లీగ్రాముల లిథియం వాడుతున్నారు. ఫిబ్రవరిలో లెవెల్ 0.7, క్రియాటినిన్ 1.0. అంతా సవ్యం.

ఏప్రిల్ మొదట్లో బీపీ 160/100 ఉందని మరో డాక్టరు టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిపిన మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నారు. 'వేరే మందులేమైనా వాడుతున్నారా' అని అడిగితే ఆయన పిచ్చిమందు అనుకుంటారేమోనని బిడియపడి లేదన్నారు. ఆ నెలాఖరుకు భార్య గమనించింది, 'ఏమండీ, టీ ఒలకబోస్తున్నారు' అని. వయసు అనుకున్నారు. వారం రోజుల్లో చేయించాల్సిన లెవెల్ ఎవరూ చేయించలేదు. చేయించి ఉంటే అప్పటికే 1.0 దాటి కనిపించేది, కథ అక్కడే ఆగేది.

మే రెండో వారంలో మోకాళ్ళ నొప్పికి ఐదు రోజులు ఎసిక్లోఫెనాక్ వేసుకున్నారు. తర్వాత ఒక పెళ్ళి భోజనం పడక రెండు రోజులు విరేచనాలు. ఇంట్లో చప్పిడి గంజి పోశారు. మూడో రోజు మగత, ముద్దమాట. ఊళ్ళో ఆర్‌ఎంపీ వడదెబ్బ అని రెండు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించాడు. ఒట్టి గ్లూకోజు నీళ్ళలో సోడియం ఉండదు, కిడ్నీ లిథియంను వదలాలంటే సోడియం కావాలి. ఆ రాత్రి పదింటికి కొడుకు ఎప్పట్లాగే మూడు మాత్రలూ మింగించాడు.

మర్నాడు ఉదయం పట్నంలో పెద్దాసుపత్రిలో తలకు సీటీ తీస్తే పక్షవాతం లేదని తేలింది. స్ట్రిప్పుల సంచి చూసిన డ్యూటీ డాక్టరు లిథియం లెవెల్ పంపారు. పదింటికి తీశారు కాబట్టి సరిగ్గా 12 గంటల అంకె: 2.3. క్రియాటినిన్ 1.9. ఆయన పేరు చెప్పగలుగుతున్నారు గానీ ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పలేకపోతున్నారు.

లిథియం, బీపీ మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఆపేశారు. నార్మల్ సెలైన్ మొదలుపెట్టి సోడియం మళ్ళీ మళ్ళీ చూశారు. ఏళ్ళ తరబడి లిథియం వాడిన కిడ్నీ నీటిని పట్టి ఉంచలేకపోతే సెలైన్‌తో సోడియం హద్దు దాటి పెరగగలదు. విషం మింగినవాళ్ళకు ఇచ్చే బొగ్గు పొడి లిథియంను పట్టుకోదు కాబట్టి అది ఇవ్వలేదు. మూత్రం ఎక్కువ పోయే ఇంజెక్షన్లు కూడా ఇవ్వలేదు, అవి ఒంటిని ఇంకా ఎండబెడతాయి.

డయాలిసిస్ చేయాలా వద్దా అన్నది అంకె ఒక్కటే తేల్చదు. స్పృహ తగ్గినా, ఫిట్స్ వచ్చినా, గుండె లయ ప్రమాదకరంగా తప్పినా అంకె ఎంతున్నా చేయాలి. అంకె 4 దాటి కిడ్నీ కూడా దెబ్బతింటే చేయాలి. తికమక ఉన్నప్పుడూ, ఒకటిన్నర రోజులోపు అంకె 1.0 కిందికి రాదని అనిపించినప్పుడూ చేయడమే మేలంటారు. ఈయనకు తికమక ఉంది, కిడ్నీ మందగించింది. చేశారు. నాలుగు గంటల తర్వాత అంకె 0.9. కొడుకు ఊపిరి పీల్చుకుని 'ఇంటికి వెళ్ళొచ్చా' అన్నాడు. ఆరు గంటల తర్వాత మళ్ళీ చూస్తే 1.3. తప్పేమీ జరగలేదు, కండరాల్లో, మెదడులో దాగి ఉన్న లిథియం ఖాళీ అయిన రక్తంలోకి తిరిగి దిగింది. డయాలిసిస్ తర్వాత గంటల తరబడి అంకె చూస్తూ ఉండేది ఇందుకే. మర్నాడు రెండోసారి చేశాక 1.0 కింద నిలిచింది.

మనిషి తెప్పరిల్లడానికి మాత్రం అంకె తగ్గాక కూడా ఇంకో నాలుగు రోజులు పట్టింది. నడకలో తూలు కొన్ని వారాలు ఉంది. ఈయనకు పోయింది గానీ, ఆలస్యంగా పట్టుకున్న కొందరిలో ఆ తూలూ, ముద్దమాటా జీవితాంతం ఉండిపోతాయి.

మళ్ళీ మొదలుపెట్టడం

ఇంత జరిగాక లిథియం మళ్ళీ ఇవ్వాలా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. తొమ్మిదేళ్ళకు ముందు ఆయనకు నాలుగుసార్లు ఉన్మాదం, రెండుసార్లు ఆత్మహత్యాయత్నం ఉన్నాయి, లిథియం మొదలుపెట్టాక ఒక్కసారీ లేదు. ఆత్మహత్యలను తగ్గించడంలో ఈ మందుకు ఉన్నంత ఆధారం బైపోలార్‌కు వాడే మరో మందుకు లేదు. రెండు వారాలకు క్రియాటినిన్ 1.1కు వచ్చింది. సైకియాట్రిస్టు మళ్ళీ ఇవ్వడానికే మొగ్గారు. కిడ్నీ కోలుకోకపోయి ఉంటే వేరే మందు చూసేవారు. ఎప్పటికైనా లిథియం మానాల్సి వస్తే కూడా, ఇలాంటి అత్యవసరం కాకపోతే, కనీసం నాలుగు వారాలు, వీలైతే మూడు నెలల మీద తగ్గిస్తూ మానాలి. ఉన్నట్టుండి ఆపితే ఉన్మాదం తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

బీపీకి ఆమ్లోడిపిన్ 5 పెట్టారు, లిథియంతో అది అంకెను పెంచదు. మోకాళ్ళకు పారాసెటమాల్. లిథియం 600 మిల్లీగ్రాములు రాత్రి ఒకేసారి. పాత లెక్క ప్రకారం 900 మీద 0.7 అంటే 600 మీద 0.47, కిడ్నీ కాస్త తగ్గింది కాబట్టి 0.5 దాకా రావాలి. వారానికి తీస్తే 0.5 వచ్చింది, రెండో వారం 0.5, నాలుగో వారం 0.52. ఆ వయసుకు అది చాలని, నిద్ర తగ్గినా మాట వేగం పెరిగినా వెంటనే రమ్మని చెప్పి అక్కడే ఉంచారు. ఆ తర్వాత లెవెల్ మూడు నెలలకోసారి, ఎండాకాలం మొదలయ్యే ముందు ఒకటి అదనంగా. బీపీ డాక్టరు చీటీ పైన ఆయన కొడుకు ఎర్ర పెన్నుతో రాసి అంటించాడు: 'లిథియం వాడుతున్నారు. టెల్మిసార్టన్, థయజైడ్, నొప్పి మాత్రలు రాసే ముందు సైకియాట్రిస్టుకు ఫోన్ చేయగలరు.'